బండి ఆగిపోయిన ఆ పది సెకన్లు
డ్రైవింగ్ స్కూళ్ల రీల్స్‌లో భయం పోగొట్టేవేవి, ఫోన్ మోగించేవేవి?

విజయవాడలోనో హనుమకొండలోనో ఏదో ఒక డ్రైవింగ్ స్కూలు ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి చూడండి. లైసెన్సు కార్డు పట్టుకుని నవ్వుతున్న ముఖాలు, కొత్త కారుకు పూలదండ, పండగకు ఫీజులో తగ్గింపు, వెనకాల ఓ సినిమా పాట. స్కూలు యజమానికి ఇవన్నీ ముచ్చటే. కానీ కారు నేర్చుకోవాలా వద్దా అని రెండేళ్లుగా వాయిదా వేస్తున్న మనిషికి వీటిలో పనికొచ్చేది ఏదీ లేదు. ఆ మనిషిని ఆపుతున్నది చాలాసార్లు ఫీజు కాదు. "సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయి, వెనకవాళ్లంతా హారన్ కొడితే నా గతేంటి?" అన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పే రీల్ ఆ పేజీలో దొరకదు.

నేర్చుకునేవాళ్ల భయాలు పైకి ఎన్ని రకాలుగా కనిపించినా లోపల రెండే. ఒకటి దెబ్బ భయం: ఎవరినైనా గుద్దుతానేమో, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతానేమో. రెండోది సిగ్గు భయం: నలుగురిలో నవ్వులపాలవుతానేమో, మాస్టారు కసురుకుంటాడేమో, ఈ వయసులో ఇదేమిటని ఇంట్లోవాళ్లు అంటారేమో.

స్కూళ్లు సాధారణంగా మొదటి భయానికే జవాబు చెబుతాయి. "మా కార్లన్నిటికీ డ్యూయల్ కంట్రోల్ ఉంది" అంటాయి. అంటే మాస్టారు కూర్చునే వైపు కూడా క్లచ్, బ్రేక్ పెడళ్లు ఉంటాయి. నేర్చుకునేవారు తడబడినా ఆయన బండిని ఆపగలడు. డ్రైవింగ్ స్కూలు కార్లకు కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఈ ఏర్పాటు ఉండాల్సిందే. మంచిదే. కానీ రెండో పెడల్ బండిని ఆపుతుంది గానీ సిగ్గును ఆపదు. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసేవాళ్లలో ఎక్కువమందిని పట్టుకున్నది ఈ రెండో భయమే.

తడబడి తేరుకునే మనిషిని చూపించాలి

చూడటం వల్ల భయం తగ్గుతుందా అన్నది మనస్తత్వ శాస్త్రంలో పాత ప్రశ్నే. 1967లో అమెరికాలో ఆల్బర్ట్ బందూరా, ఆయన సహచరులు కుక్కలంటే భయపడే చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. భయం లేని మరో పిల్లవాడు కుక్కకు కొంచెం కొంచెంగా దగ్గరవుతూ ఆడుకోవడాన్ని వాళ్లకు చూపించారు. చూసిన పిల్లల భయం బాగా తగ్గింది. మరుసటి ఏడాది అదే పనిని ఫిల్ము మీద చేశారు. ఒక్క పిల్లవాడిని, ఒక్క కుక్కను చూసిన పిల్లల కంటే, రకరకాల పిల్లలు రకరకాల కుక్కలతో ఆడుకోవడం చూసినవాళ్లే చివరికి కుక్కతో ఎక్కువ ధైర్యంగా మెలగగలిగారు. 1971లో డొనాల్డ్ మైకెన్‌బామ్ పాములంటే భయపడే పెద్దవాళ్ల మీద ఇంకో సంగతి గమనించాడు. మొదటినుంచీ ధైర్యంగా ఉన్న మనిషిని చూడటం కంటే, ముందు భయపడి, తడబడి, తనకు తాను చెప్పుకుంటూ తేరుకున్న మనిషిని చూడటం ఎక్కువ పనిచేసింది.

ఈ మూడు సంగతులూ డ్రైవింగ్ స్కూలు రీల్‌కు సరిగ్గా సరిపోతాయి. ఫ్లైఓవర్ మీద ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పే మాస్టారిని చూస్తే చూసేవారికి ధైర్యం రాదు; "ఆయనకు వచ్చు కాబట్టి చేస్తున్నాడు" అనుకుని ముందుకు జరిపేస్తారు. లైసెన్సు కార్డుతో నవ్వే ముఖం కూడా అంతే. అక్కడ కథ ముగింపు ఉంది గానీ, భయపడ్డ ఘట్టం లేదు. రీల్‌లో కనపడాల్సింది తప్పు జరిగిన క్షణం, ఆ వెంటనే మాస్టారి గొంతు, తర్వాత బండి మళ్లీ కదలడం. అదీ ఒక్కరిది కాదు. యాభై దాటిన ఉద్యోగి, స్కూటీ తప్ప ఇంకేదీ నడపని గృహిణి, కాలేజీ కుర్రాడు, సైకిల్ కూడా సరిగ్గా రాని అమ్మాయి, ఇలా వేర్వేరు మనుషులు కనపడాలి. చూసేవారు వాళ్లలో తమలాంటి ఒకరిని వెతుక్కుంటారు.

ఒక రీల్, ఒక భయం

విజయవాడ పటమట వైపు రెండు కార్లతో నడిచే ఒక చిన్న స్కూలు ఉందనుకుందాం. యజమాని మొదట చేయాల్సిన పని కెమెరా కొనడం కాదు, ఒక నోటు పుస్తకం పెట్టుకోవడం. ఎంక్వైరీకి ఫోన్ చేసినవాళ్లు ఫీజు అడిగాక ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. "బండి మధ్యలో ఆగిపోతే?", "ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక్కి జారితే?", "మా సందు ఇరుకండీ, ఎదురుగా ఆటో వస్తే?", "మాస్టారు తిడతారా?" ఇలాంటివే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక్కో ప్రశ్న ఒక్కో రీల్ అవుతుంది. నాలుగింటినీ కలిపి ఒక్క నిమిషంలో చెప్పాలని చూస్తే ఏదీ గుర్తుండదు.

మొదటి ప్రశ్ననే తీసుకుందాం. బండి ఎందుకు ఆగిపోతుంది? ఆగి ఉన్న కారులో ఇంజన్ తిరుగుతూ ఉంటుంది, చక్రాలు కదలవు. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తే తిరుగుతున్న ఇంజన్‌కు, కదలని చక్రాలకు ఉన్నపళంగా ముడి పడుతుంది. ఆ బరువు మోయలేక ఇంజన్ గుక్కతిప్పుకోలేక ఆగుతుంది. బండికేమీ కాదు, దెబ్బ తగలదు, ఒక్క కుదుపు మాత్రమే. మళ్లీ బయల్దేరడం కూడా వరసైన పనే: బ్రేకు మీద కాలు, క్లచ్ పూర్తిగా లోపలికి, గేరు న్యూట్రల్‌కు, తాళం తిప్పడం, ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్ దగ్గర ఒక్క క్షణం ఆగి బండి సన్నగా వణికాక బ్రేకు వదలడం. అలవాటైనవాళ్లకు పది సెకన్లలో అయిపోయే పని. చూసేవారికి తెలియాల్సింది ఆ పది సెకన్లలో ఏం జరుగుతుందన్నదే.

ముప్ఫై సెకన్ల రీల్‌లో దీన్ని ఇలా అమర్చవచ్చు. మొదటి మూడు సెకన్లలో నేరుగా కుదుపు, ఇంజన్ ఆగిన నిశ్శబ్దం, వెనక ఒక హారన్. తెర మీద ఒకే వాక్యం: "సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. ఇప్పుడెలా?" స్కూలు పేరు, లోగో, "నమస్కారం అండీ, మా స్కూలుకు స్వాగతం" ఇవేవీ ఇక్కడ వద్దు. మూడో సెకను నుంచి ఎనిమిది దాకా మాస్టారి గొంతు: "ఏం కాదమ్మా. బ్రేకు మీద కాలు ఉంచండి. వెనకవాళ్లు ఆగుతారు." తర్వాత నాలుగు సెకన్లు మాస్టారి వైపు పెడళ్లు, ఆయన పాదం బ్రేకు మీద సిద్ధంగా ఉందని కనపడాలి. పన్నెండు నుంచి ఇరవై రెండు దాకా అసలు వరస, ఒక్కో పనికి ఒక్కో మాట తెర మీద. బండి కదిలాక ఐదు సెకన్లు నేర్చుకునేవారి మాట, ఆమె సొంత మాట. "ఇంతేనా?" అని ఆమె అంటే అదే చాలు. చివరి మూడు సెకన్లలో స్కూలు ఉన్న ఏరియా, "మీ సందేహం వాట్సాప్‌లో అడగండి" అన్న ఒక్క పిలుపు.

ఈ రీల్‌లో బరువంతా మాస్టారి గొంతు మీద ఉంటుంది. "మాస్టారు తిడతారా?" అని అడిగినవారికి "మేం తిట్టం" అని రాసి చూపిస్తే నమ్మరు. తప్పు జరిగిన వెంటనే ఆయన నోట వచ్చిన మొదటి మాట వింటే నమ్ముతారు. అందుకే ఆ మాటను స్టూడియోలో మళ్లీ చెప్పించి అతికించకూడదు. నిజంగా కసురుకునే అలవాటున్న మాస్టారుంటే, రీల్ తీయడం ఆపి ముందు ఆయనతో మాట్లాడాలి. రీల్ చూసి చేరిన మనిషికి రెండో రోజే కారులో వేరే గొంతు వినిపిస్తే, ఆ మాట కాలనీ అంతా పాకుతుంది.

తీసేటప్పుడు

కెమెరా కోసం రద్దీ రోడ్డు మీద కావాలని బండి ఆపడం ప్రమాదం. బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరూ ఆ పని చేయకూడదు. తెల్లవారాక ఏదైనా ఖాళీ మైదానంలోనో, రాకపోకలు లేని లేఅవుట్ రోడ్డులోనో తీయాలి. వెనక హారన్ కొట్టేది స్కూలుదే రెండో కారు అయితే చాలు. అలా తీసినప్పుడు "శిక్షణ కోసం చేసి చూపిన దృశ్యం" అని తెర మీద రాయడం మర్యాద. క్లాసులో నిజంగా జరిగిన తప్పు కెమెరాకు చిక్కితే సరేసరి.

ఫోన్ ఎవరి చేతిలోనూ ఉండకూడదు, ముఖ్యంగా మాస్టారి చేతిలో. ఆయన చూపు రోడ్డు మీద, పాదం పెడల్ మీద ఉండాలి. ముందు సీట్ల మధ్య వెనక నుంచి క్లాంపుతో బిగించిన ఫోన్‌కు స్టీరింగ్, గేరు, రోడ్డు మూడూ అందుతాయి, ముఖం కనపడదు. డ్రైవర్ పాదాల దగ్గర మాత్రం ఫోన్ పెట్టకూడదు. అది జారి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే నేర్పేది పోయి నిజంగానే ప్రమాదం వస్తుంది. డ్రైవర్ వైపు పెడళ్లు చూపాలంటే బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ కట్టేసి తీసుకోవాలి.

శబ్దం సంగతి చాలామంది పట్టించుకోరు. ఏసీ ఫ్యాను హోరులో మాస్టారి మాట మునిగిపోతుంది. అద్దాలు ఎత్తి, ఫ్యాను తగ్గించి, ఆయన కాలరుకు చిన్న మైకు పెడితే చాలు. అయినా మాటలన్నీ తెలుగు అక్షరాల్లో తెర మీద ఉండాలి. బస్సులోనో ఆఫీసులోనో సౌండు తీసేసి చూసేవాళ్లు ఎందరో. ఆ అక్షరాలు తెర అడుగున, కుడి అంచున పెట్టకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో అక్కడ పేజీ పేరు, లైకు, షేరు గుర్తులు పడి వాటిని కప్పేస్తాయి.

సినిమా పాట జోలికి పోకపోవడమే మేలు. వ్యాపార ఖాతాలకు చాలా పాటలు అందుబాటులో ఉండవు. దొంగదారిన పెడితే హక్కుదారుల ఫిర్యాదుతో వీడియో మూగబోవచ్చు, తీసేయవచ్చు కూడా. పైగా ఈ రీల్‌లో వినాల్సింది పాట కాదు.

ఇక అనుమతి. కారు నేర్చుకుంటున్నట్టు ఇంట్లో చెప్పనివాళ్లు కూడా స్కూలుకు వస్తారు. ముఖం చూపినా, గొంతు వినిపించినా ముందే రాతలో అనుమతి తీసుకోవాలి. ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తామని ఆ కాగితంలోనే రాయాలి. ఫీజు తగ్గింపును ఆ సంతకానికి ముడిపెట్టకూడదు. చేతులు, పాదాలు, గొంతుతోనే రీల్ నడుస్తుంది కాబట్టి ముఖం లేకపోతే నష్టమేమీ లేదు. తప్పు చేసినవారి మీద నవ్వే శబ్దం, కార్టూన్ కళ్లు అతికించడం మాత్రం ఎప్పుడూ వద్దు. వీడియో నవ్విస్తుంది, చూసేవారి సిగ్గు భయం రెట్టింపవుతుంది.

కామెంటు అడగవద్దు

"ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు కామెంట్‌లో యెస్ అని పెట్టండి" అని అడగడం రీల్స్‌లో మామూలు. డ్రైవింగ్ స్కూలుకు అది ఎదురు తన్నే సలహా. నలుగురికీ తెలుస్తుందనే కదా ఆ మనిషి భయం. తన పేరుతో, తోటి ఉద్యోగులకు కనపడేలా "నాకు కారు రాదు" అని ఎందుకు రాస్తారు? అడగాల్సింది చాటుగా పంపే మెసేజ్. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. అందుకే వాట్సాప్ లింకును పేజీ పరిచయంలో పెట్టాలి. `wa.me/91` తర్వాత స్కూలు ఫోన్ నంబరు పది అంకెలూ చేరిస్తే లింకు తయారవుతుంది.

మెసేజ్ వచ్చాక పంపే మొదటి జవాబులోనే చాలా ఎంక్వైరీలు చచ్చిపోతాయి. "బండి ఆగిపోతే ఎలా అండీ" అని అడిగినవారికి ఫీజుల పట్టిక ఫొటో పంపితే, అక్కడితో సరి. భయం గురించి అడిగారు కాబట్టి ముందు దానికే రెండు వాక్యాల జవాబు ఇవ్వాలి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు చాలు: మీరుండే ఏరియా ఏది, ఏ టైము కుదురుతుంది, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నారా? ఫీజు ఆ తర్వాత. లేడీ మాస్టర్ ఉన్నారా అని అడిగితే, లేకపోతే లేరనే చెప్పాలి. "ఏ వీడియో చూసి మెసేజ్ చేశారు?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఏ రీల్ పనిచేస్తోందో ఆ పుస్తకమే చెబుతుంది.

వ్యూస్ ఎక్కువైతే ఎంక్వైరీలు ఎక్కువా?

కాదు. పటమట స్కూలు ఉదాహరణలోనే చూద్దాం. కారు ఎగిరెగిరి పడే సరదా రీల్‌ను నలభై వేల మంది చూసి, ఇద్దరు మెసేజ్ చేశారనుకోండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి వెనక్కి జారకుండా హ్యాండ్ బ్రేకుతో ఎలా కదలాలో చూపిన రీల్‌ను రెండు వేల మందే చూసి, తొమ్మిదిమంది మెసేజ్ చేశారనుకోండి. స్కూలుకు కావాల్సింది రెండోదే. సరదా వీడియో కర్నూలు నుంచి కాలిఫోర్నియా దాకా పోతుంది. కానీ స్కూలు కారు ఇంటి దగ్గర ఎక్కించుకునేది నాలుగైదు కిలోమీటర్ల లోపువాళ్లనే. అందుకే మొదటి దృశ్యంలోనే తెలిసిన చోటు కనపడాలి, రాతలో కాలనీ పేరు ఉండాలి. డబ్బు పెట్టి ప్రచారం చేయదలిస్తే స్కూలు చుట్టూ ఉన్న కొద్ది ప్రాంతానికే దాన్ని పరిమితం చేసే వీలుంది.

రీల్ ఎక్కడ దెబ్బతింటోందో కనిపెట్టడం కష్టం కాదు. వ్యాపార ఖాతాలో ప్రతి రీల్‌కూ జనం ఎంతసేపు చూశారో కనపడుతుంది. మొదటి మూడు సెకన్లలోనే వెళ్లిపోతుంటే ఆరంభం బాగోలేదు, బహుశా లోగోతో మొదలైంది. చివరిదాకా చూసి, సేవ్ చేసుకుని, ఇంకొకరికి పంపుతున్నా మెసేజ్‌లు రాకపోతే, స్కూలు ఎక్కడుందో, ఎలా అడగాలో స్పష్టంగా లేదు. మెసేజ్‌లు వస్తున్నా చేరడం లేదంటే తప్పు రీల్‌లో లేదు. జవాబులోనో, క్లాసు వేళల్లోనో, ఫీజులోనో ఉంది. ఈ విడి లెక్క చూడకుండా "రీల్స్ పనిచేయవు" అని మానేసే స్కూళ్లు తప్పు చోట వెతుకుతున్నట్టు.

మాట ఇవ్వకూడనివి

భయం తగ్గించడానికి అబద్ధం చెప్పే ఆశ పుడుతుంది. "ఏడు రోజుల్లో ఎక్స్‌పర్ట్", "లైసెన్సు గ్యారంటీ" అలాంటివే. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 31వది కారు శిక్షణకు కనీసం 21 రోజులు, చేతికి స్టీరింగ్ ఇచ్చి కనీసం 10 గంటలు నడిపించాలని చెబుతోంది. అంటే రోజుకు దాదాపు అరగంట. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు గడిస్తే గానీ లైసెన్సు పరీక్షకు వెళ్లడానికి లేదు. ఆ ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఈ అంకెలే ఒక రీల్‌గా చేస్తే భయపడేవారికి నిజమైన ఊరట. "ఇన్ని రోజులు నేర్చుకునే హక్కు నాకుంది, రెండో రోజే రాకపోతే నేను పనికిరానివాణ్ణి కాదు" అని తెలుస్తుంది.

రీల్ చేయలేని పనులు కూడా ఉన్నాయి. హాఫ్ క్లచ్ దగ్గర బండి వణకడం పాదానికి తెలియాలి. వీడియో చూసి అది రాదు. గతంలో ప్రమాదంలో ఇరుక్కుని, కారు ఎక్కితేనే ఒళ్లు చల్లబడేవారికి రీల్ కాదు, ముందు మనోవైద్యుల సాయం కావాలి. అలాంటి మెసేజ్ వస్తే స్కూలు ఆ మాటే చెప్పాలి.

ఇక కారు నేర్చుకోవాలనుకునే పాఠకులకు ఒక మాట. ఈసారి ఏ డ్రైవింగ్ స్కూలు రీల్ కంటపడినా లైసెన్సు కార్డులను, తగ్గింపులను లెక్కపెట్టకండి. తప్పు జరిగినప్పుడు మాస్టారు ఏమన్నాడో వినిపిస్తోందా, ఆయన వైపు పెడళ్లు కనపడుతున్నాయా చూడండి. రెండూ లేకపోతే ఫోన్ చేసి సూటిగా అడగండి: మీ కారుకు డ్యూయల్ కంట్రోల్ ఉందా, స్టీరింగ్ నా చేతిలో మొత్తం ఎన్ని గంటలు ఉంటుంది, రోజూ ఒకే మాస్టారు వస్తారా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే స్కూలులోనే డబ్బు కట్టండి.